పాప మళ్ళీ ఏడుస్తుంది, గాజు మళ్ళీ పగలదు

రాత్రి రెండు దాటాక దిండు కింద మోటారు గిర్రుమంది. అక్క ఉలిక్కిపడి లేచి ఉయ్యాల్లోకి తొంగిచూసింది. పాప ఆదమరిచి నిద్రపోతోంది. బావని లేపింది కానీ ఆయన మాత్రం ఏం చెప్తాడు? ఇద్దరికీ పుట్టుకతోనే వినపడదు. తెల్లారాక పెద్దమ్మ ఫోన్ చేసి నన్ను నిలదీసింది. "రాత్రంతా ప్రహరీ మీద పిల్లులు ఏడ్చాయిరా. నీ మిషనుకి పిల్లికీ పిల్లకీ తేడా తెలీదా?"

తెలీదు పెద్దమ్మా, అన్నాను. నాకూ అప్పటికి చాలా సంగతులు తెలీవు.

అక్కంటే మా పెద్దమ్మ కూతురు. విజయవాడలో ఉంటారు. పురిటికి వచ్చిన పెద్దమ్మ అయిదో నెల రాగానే ఊరికి తిరిగి వెళ్ళాలి. ఆ తర్వాత రాత్రిళ్ళు పాప లేస్తే ఆ ఇంట్లో వినేవాళ్ళు ఉండరు. అప్పటిదాకా పెద్దమ్మ కాస్త కునుకు తీసినప్పుడల్లా అక్క పాప పొట్ట మీద చెయ్యి వేసుకుని పడుకునేది. నేను హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ పనిలో ఉన్నానని గుర్తొచ్చి వాట్సాప్‌లో అడిగింది: పాప ఏడిస్తే తెలియాలి, కిటికీ అద్దం ఎవరైనా పగలగొడితే కూడా తెలియాలి. వాళ్ళది కింద వాటా, కిటికీలు సందులోకి తెరుచుకుంటాయి. ఓస్ అంతేనా అనుకున్నాను. ఒకే మోడల్ రెండు శబ్దాలనూ గుర్తుపడుతుంది కదా, ఒక పని చేస్తే రెండూ అయిపోతాయి అని మాటిచ్చేశాను. ఆ మాటలో సగమే నిలబెట్టుకోగలిగాను. మిగతా సగం ఎందుకు కుదరలేదో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

సరంజామా పెద్దదేం కాదు. రాస్‌ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటరు ఒకటి, ఒక యూఎస్‌బీ మైకు, దిండు కింద పెట్టే వైబ్రేషన్ మోటారు, మంచం పక్క దీపాన్ని వెలిగించి ఆర్పడానికి ఒక రిలే. వినే పని గూగుల్ వాళ్ళ యామ్‌నెట్ మోడల్‌ది. యూట్యూబ్ వీడియోల నుంచి తీసిన పది సెకన్ల ముక్కలు ఇరవై లక్షల పైచిలుకు ఆడియోసెట్ అనే సేకరణలో ఉన్నాయి, 2017లో బయటపెట్టారు. యామ్‌నెట్ దాని మీదే నేర్చుకుంది. మొత్తం 521 రకాల శబ్దాలకు పేర్లు తెలుసు.

వింటుంది అన్నాను కానీ అది నిజానికి బొమ్మ చూస్తుంది. మైకు నుంచి వచ్చిన శబ్దాన్ని 25 మిల్లీసెకన్ల చీలికలుగా, ప్రతి 10 మిల్లీసెకన్లకొకటి చొప్పున కోస్తారు. ఒక్కో చీలికలో ఏ స్థాయి దగ్గర ఎంత బలం ఉందో 64 మెట్లుగా లెక్కగడతారు. కింది మెట్లలో బొంగురు, పై మెట్లలో కీచు. అలాంటి 96 చీలికలు పక్కపక్కన పేరిస్తే 0.96 సెకన్ల శబ్దానికి ఒక చిత్రం తయారవుతుంది. ఆ చిత్రం చూసి మోడల్ 521 పేర్లలో ఒక్కోదానికి సున్నా నుంచి ఒకటి లోపు మార్కు వేస్తుంది. తర్వాత 0.48 సెకన్లు ముందుకు జరిగి ఇంకో చిత్రం. అంటే పక్కపక్క చిత్రాల్లో సగం శబ్దం ఉమ్మడిగా ఉంటుంది. ఈ ఉమ్మడి సంగతి తర్వాత పనికొస్తుంది.

మనకు కావలసినవి `Baby cry, infant cry`, `Glass`, `Shatter`. కోడ్ అయితే ఇంతే:

```python
# x: 16 kHz, mono, float32, -1..1, 7680 samples
buf = np.roll(buf, -7680)
buf[-7680:] = x
scores, _, _ = yamnet(buf)   # buf: 15600 samples
cry = scores.numpy()[0, CRY]
```

ఈ నాలుగు లైన్ల పైన ఉన్న వ్యాఖ్యలోనే నా మొదటి వారం పోయింది. నా మైకు శబ్దాన్ని సెకనుకు 48,000 సార్లు కొలిచి అన్ని నమూనాలు ఇస్తుంది. మోడల్‌కి 16,000 కావాలి. మార్చకుండా తిన్నగా అందించాను. ఎక్కడా ఎర్రర్ రాలేదు, ప్రోగ్రాం చక్కగా నడిచింది. పాప గుక్కపట్టి ఏడుస్తుంటే మాత్రం మార్కు సున్నా దగ్గరే తచ్చాడింది. పసిపిల్లల ఏడుపు మూలస్వరం సుమారు 400 నుంచి 600 హెర్ట్జ్ మధ్య ఉంటుంది. మూడింతలు సాగదీసిన శబ్దంలో అది 130, 200 మధ్యకి దిగిపోతుంది. మోడల్‌కి చేరింది పాప ఏడుపు కాదు, ఎవరో మగాయన నెమ్మదిగా మూలుగుతున్నట్టున్న శబ్దం. ఇలాంటిది పట్టుకోవడానికి ఒకటే మార్గం: మోడల్‌కి ఇచ్చేముందు `buf`ని 16 కిలోహెర్ట్జ్ ఫైలుగా రాసి చెవులారా వినాలి. నేను ఎనిమిదో రోజున విన్నాను. విన్న క్షణంలో అర్థమైంది.

అంతకుముందు పాత ఫోన్‌ని మైకుగా వాడి చూశాను, అదింకో తలనొప్పి. ఫోన్ మైకు వెనక మాటల్ని శుభ్రం చేసే సాఫ్ట్‌వేర్ ఉంటుంది. ఎదుటివాళ్ళకు మన మాట మాత్రమే వినపడాలని మిగతా శబ్దాల్ని తొక్కేస్తుంది. మనకు కావలసింది సరిగ్గా ఆ మిగతా శబ్దాలే. బ్రౌజర్‌లో చేసేవాళ్ళు `noiseSuppression`, `autoGainControl`, `echoCancellation` మూడింటినీ `false` చేసి మొదలుపెడితే నాలాగా తిప్పలు పడరు.

సరే, శబ్దం సరిగ్గా చేరుతోంది. ఇప్పుడు ఎంత మార్కు వస్తే మోటారు తిప్పాలి? అందరూ మొదట చేసే పనే నేనూ చేశాను: 0.5 దాటితే ఏడుపు, 0.5 దాటితే గాజు. ఆ మార్కులు సంభావ్యతలు కావని యామ్‌నెట్ తయారుచేసినవాళ్ళే రాసిపెట్టారు. ఒక పేరుకు వచ్చిన 0.5కీ ఇంకో పేరుకు వచ్చిన 0.5కీ పోలిక లేదు, మీ పనికి తగ్గట్టు మీరే సరిచూసుకోవాలని. చదివాను, దాటేశాను.

ఇక్కడొక చిన్న లెక్క. రోజుకు 86,400 సెకన్లు. 0.48తో భాగిస్తే సరిగ్గా 1,80,000. అంటే మోడల్ రోజుకు లక్షా ఎనభై వేల సార్లు "ఇది ఏడుపా?" అన్న ప్రశ్నకు జవాబు చెప్తోంది. వెయ్యింటికి ఒక్క తప్పు చేసినా రోజుకు 180 తప్పులు. పదివేలకొకటి అనుకున్నా 18. పరీక్షల్లో 99.9 శాతం అంటే బ్రహ్మాండం, పడకగదిలో అంటే నిద్ర ఉండదు.

అయితే ఈ 180 తప్పులూ 180 చోట్ల చెల్లాచెదురుగా రావు. ఇదే నాకు ఆలస్యంగా బోధపడింది. వరసగా మూడు చిత్రాల్లో ఏడుపు వస్తేనే అలారం మోగాలి అని పెడితే, వెయ్యింటికి ఒక తప్పు కాస్తా వెయ్యి గుణించు వెయ్యి గుణించు వెయ్యిలో ఒకటి అవుతుందని కాగితం మీద లెక్కేసి సంబరపడ్డాను. అది తప్పు లెక్క. పక్కపక్క చిత్రాల్లో సగం శబ్దం ఒకటే అని పైన చెప్పాను కదా. అదీగాక తప్పు చేయించేది పాచికలు కాదు, పిల్లి. పిల్లి పదిహేను సెకన్లు ఏడిస్తే ముప్ఫై చిత్రాలు కట్టగట్టుకుని తప్పుతాయి. వరసగా మూడు కాదు, పది అడిగినా పిల్లి ఇచ్చేస్తుంది. కాబట్టి లెక్కపెట్టాల్సింది తప్పిన చిత్రాల్ని కాదు, తప్పించే కారణాల్ని. ఆ ఇంట్లో నేను పట్టుకున్నవి: పిల్లులు, టీవీ సీరియల్లో ఏడ్చే పసిబిడ్డలు, కిర్రుమనే ఉయ్యాల గొలుసు. మూడే.

గొలుసుకు కొబ్బరినూనె రాయడంతో ఆ గొడవ తీరిపోయింది. టీవీలో ఏడుపు అసలు తప్పే కాదు, అది నిజంగా పసిబిడ్డ ఏడుపే. మోడల్ సరైన జవాబే చెప్తోంది, మన ప్రశ్నే వేరు. "ఏడుపు వినిపిస్తోందా" అన్నది దాని ప్రశ్న, "మన పాప ఏడుస్తోందా" అన్నది మనది. రెంటి మధ్యా దూరాన్ని మోడల్ తీర్చలేదు, మైకు పెట్టిన చోటు తీర్చగలదు. హాల్లో అల్మారా మీదున్న మైకుని తెచ్చి ఉయ్యాల నుంచి ఒక మీటరు దూరంలో కట్టాను. టీవీ నాలుగు మీటర్ల అవతల. దూరం రెట్టింపైనప్పుడల్లా శబ్దం 6 డెసిబెల్స్ తగ్గుతుంది, నాలుగు రెట్లకు 12. గోడలకు కొట్టుకుని తిరిగొచ్చే శబ్దం వల్ల గదిలో అంత తేడా రాదు కానీ, వచ్చినంత చాలు. ఏడుపు మార్కుతో పాటు శబ్దం బలం కూడా ఒక స్థాయి దాటాలని పెట్టాను. ప్రహరీ మీది పిల్లులూ దీంతోనే చాలావరకు బయటికి పోయాయి. మోడల్ మార్చి చూసిన రెండు వారాల్లో రాని ఫలితం మైకు జరిపిన పది నిమిషాల్లో వచ్చింది. పెద్దమ్మకి ఇది చెప్తే, "చంటిదాని పక్కన పడుకోవాలని నీ మిషనుకి ఇప్పుడు తెలిసిందా" అంది.

ఇక ఏడుపు తీరు. పాప ఒక్క ఊపిరిలో సెకను, సెకనున్నర ఏడుస్తుంది. ఊపిరి లాక్కోడానికి ఆగుతుంది. మళ్ళీ ఏడుస్తుంది. మార్కులు కూడా అలాగే అలల్లా వస్తాయి. నేను రాసిపెట్టుకున్న వాటిలో ఒక ఏడుపు మొదలు ఇలా ఉంది:

```
cry:  .12 .48 .71 .66 .31 .58 .74 .35 .69 .72
```

ఒక్కో అంకె చూసి నిర్ణయిస్తే దీపం వెలిగి ఆరి, వెలిగి ఆరి, పాప కంటే ముందు అక్క ఏడవాల్సొస్తుంది. అందుకని గత పది చిత్రాల్లో కనీసం అయిదు 0.4 దాటితేనే అలారం అని పెట్టాను. ఒకసారి మోగాక ఆపడానికి 0.4 కంటే తగ్గితే చాలదు, పది సెకన్ల పాటు 0.2 లోపే ఉండాలి. మోగడానికి ఒక గీత, ఆగడానికి ఇంకో గీత. పై వరసలో అయిదో "దాటింపు" ఏడో అంకె దగ్గర వస్తుంది, అంటే ఏడుపు మొదలైన మూడు సెకన్లకు మోటారు తిరుగుతుంది. మూడు సెకన్లు ఆలస్యమైతే కొంప మునగదు. నిద్రలో ఒకసారి కుయ్యిమని మళ్ళీ నిద్రపోయే పాపకు అసలు మోగదు, అదీ మంచిదే. ఒకవేళ తొలి ఊపిరిలో మోడల్ పట్టుకోకపోయినా పాప ఊరుకోదు. ఇంకా గట్టిగా ఏడుస్తుంది, మార్కు ఇంకా పెరుగుతుంది. ఏడుపు అనేది వినేవాళ్ళు వచ్చేదాకా ఆగకుండా వచ్చే కబురు. తప్పు దిద్దుకోడానికి ఆ శబ్దమే మనకు గడువిస్తుంది.

గాజు గడువివ్వదు.

కిటికీ అద్దం పగిలే శబ్దంలో రెండు భాగాలుంటాయి. మొదట దెబ్బకు అద్దం మొత్తం వంగి చేసే బరువైన "ధభ్". ఆ వెంటనే ముక్కలు విరుగుతూ, నేల మీద పడుతూ చేసే గలగల. అంతా ఒక సెకను లోపే. గాజు పగులుళ్ళను కనిపెట్టడానికే తయారుచేసే అలారం పరికరాలు ఈ రెండూ వెంటవెంటనే వచ్చాయా లేదా అని చూస్తాయి. నా చిత్రాల్లో అది ఒకదానిలోనో రెంటిలోనో కనిపించి మాయమవుతుంది. పదింట అయిదు అన్న నియమం పెడితే ఎప్పటికీ మోగదు. ఒక్క చిత్రం చాలు అని పెడితే? అందుకు నా దగ్గరున్న ఈ రెండు వరసలు చూడండి:

```
shatter (A):  .03 .41 .52 .06 .02
shatter (B):  .04 .47 .38 .05 .02
```

ఒకటి గాజు గ్లాసు పగిలినప్పటిది, ఇంకోటి పెద్దమ్మ చేతిలోంచి స్టీలు పళ్ళెం జారిపడినప్పటిది. ఏది ఏదో అంకెలు చూసి నేను చెప్పలేను, నా ప్రోగ్రామూ చెప్పలేదు. 16 కిలోహెర్ట్జ్ నమూనాల్లో 8 కిలోహెర్ట్జ్ పైన ఉన్న శబ్దం ఉండదు, మోడల్ చిత్రం 7.5 దగ్గరే ఆగిపోతుంది. గాజు ముక్కల గలగలలో కొంత భాగం ఆ గీతకు పైనే ఉంటుంది. కింద మిగిలేది ఒక పదునైన దెబ్బ, దాని వెనక కాస్త మోత. వంటింట్లో రోజుకు పదిసార్లు వినపడేది అదే.

వంటిల్లు ఒక్కటే కాదు. పెద్దమ్మ చేతులకు డజను డజను మట్టిగాజులు. ఉయ్యాల ఊపినప్పుడల్లా గలగల, ఊపినప్పుడల్లా `Glass` మార్కు లేచి కూర్చుంటుంది. మన భాషలోనే రెంటికీ గాజు అని పేరు పెట్టుకున్నాం, పాపం దాన్నేమనను.

ఇక్కడే పైన వేసిన లెక్క అసలు రూపం చూపిస్తుంది. పాప రోజుకు ఎనిమిది, పదిసార్లు ఏడుస్తుంది. మధ్యలో ఒక ఉత్తుత్తి అలారం వచ్చినా అక్క లేస్తుంది, చూస్తుంది, పడుకుంటుంది. కిటికీ అద్దం ఎప్పుడు పగులుతుంది? అయిదేళ్ళకొకసారి పగులుతుందనుకుందాం. ప్రోగ్రాం బాగా కుదిరి వారానికి ఒకే ఒక్క ఉత్తుత్తి అలారం ఇస్తుందనుకుందాం. నిజమైన అలారం వచ్చేసరికి 260 అబద్ధాలు చెప్పి ఉంటుంది. నాన్నా పులి కథలో పిల్లవాడు రెండుసార్లు అరిచినందుకే మూడోసారి ఎవరూ రాలేదు.

దీనికి నాకు ఎదురుచెప్పిన మిత్రులున్నారు. గాజు పగలడాన్ని, పసిపిల్లల ఏడుపుని గుర్తుపట్టడం ఎప్పుడో తేలిపోయిన సమస్య కదా అన్నారు. 2017లో శబ్దాలను గుర్తుపట్టే ప్రోగ్రాముల కోసం జరిగిన డీకేస్ పోటీలో ఒక విభాగం సరిగ్గా వీటికోసమే పెట్టారు: పసిపిల్ల ఏడుపు, గాజు పగలడం, తుపాకీ పేలుడు. పాల్గొన్నవాళ్ళు మంచి ఫలితాలే చూపించారు, కాదనను. కానీ అక్కడ ఇచ్చింది 30 సెకన్ల ముక్కలు. పార్కు, రైలు, ఇల్లు లాంటి చోట్ల తీసిన శబ్దాల మీద విడిగా దొరికిన ఏడుపునో పగులునో కలిపి తయారుచేసినవి. అభ్యాసానికిచ్చిన వాటిలో సగం ముక్కల్లో ఆ శబ్దం ఉంది. నిమిషానికొకసారి గాజు పగిలే ప్రపంచం అది. అలాంటి చోట మంచి మార్కులు తెచ్చుకున్న మోడల్, అయిదేళ్ళకొకసారి పగిలే ఇంట్లో ఏం చేస్తుందో ఆ మార్కులు చెప్పవు. పోటీని తప్పుపట్టడం లేదు, అది అడిగిన ప్రశ్న వేరు.

అసలు నా పరీక్షలే ఎంత బలహీనమో కూడా ఒప్పుకోవాలి. ఏడుపును రోజూ పరీక్షించుకోవచ్చు, పాప దయ. గాజును ఎన్నిసార్లు పగలగొడతాం? ముక్కలు చెదరకుండా పాత సీసాని గోనెసంచిలో చుట్టి సుత్తితో కొట్టాను. మార్కు రాలేదు. ఎందుకొస్తుంది, గోనె ఆ గలగలనంతా మింగేసింది. ఫోన్‌లో రికార్డింగు పెట్టి వినిపించాను, అందులో ధభ్ లేదు. ఫోన్ స్పీకరుకు అంత లోతైన శబ్దం పలకదు. పోనీ గ్లాసు పగలగొడితే? తాగే గ్లాసు వేరు, గోడలో బిగించిన కిటికీ అద్దం వేరు. ముక్కలు ముక్కలుగా విరిగే మామూలు అద్దం వేరు, పెసరగింజల్లా రాలిపోయే టఫెండ్ గ్లాసు వేరు. నేను సరిచూడని దాన్ని సరిచూశానని అక్కకి ఎలా చెప్పను? వినపడనివాళ్ళకు ఇచ్చే పరికరంలో ఇది చిన్న విషయం కాదు. అది మౌనంగా ఉంటే ప్రమాదం లేదని వాళ్ళు నమ్ముతారు. ఆ మౌనానికి అర్థం ఉందని చెప్పే హక్కు నాకు ఏడుపు విషయంలో వచ్చింది, గాజు విషయంలో రాలేదు.

అక్కకి అలాగే రాశాను. కాసేపు చూసి, మరి దొంగొస్తే ఎలా అని అడిగింది. కిటికీ అద్దాలకే అంటించే చిన్న వైబ్రేషన్ సెన్సార్లు తెచ్చి పెట్టాను. అవి గదిని వినవు, అద్దం అదిరితేనే పలుకుతాయి. పళ్ళెం పడినా, గాజులు గలగలన్నా వాటికి పట్టదు. గాలికి కిటికీ రెక్క కొట్టుకుంటే మాత్రం ఉలిక్కిపడతాయి. అందుకని అద్దం అదిరిన సెకను లోపల మైకులో `Shatter` మార్కు 0.3 దాటితేనే పెద్ద అలారం. అద్దం ఒక్కటే అదిరితే దీపం ఒకసారి మిణుకుమంటుంది, అంతే. ఒంటరిగా నమ్మలేని సాక్షిని రెండో సాక్షిగా వాడుకోవడం అన్నమాట. దీనికీ ధర ఉంది. రెంటిలో ఏ ఒక్కటి పట్టుకోకపోయినా పెద్ద అలారం మోగదు. అదీ చెప్పాను. "మిణుకుమన్నా లేచి చూస్తాలే" అని రాసింది.

రికార్డింగుల సంగతి ఒక్క ముక్క. శబ్దం ఆ పెట్టె దాటి బయటికి పోదు, మార్కులు తప్ప ఏదీ దాచదు. సరిచూసుకోడానికి తీసిన ముక్కల్లో ఇంట్లోవాళ్ళ మాటలు కూడా పడ్డాయి, ఆ పని అయ్యాక వాళ్ళ ముందే తుడిచేశాను.

ఏడుపు అలారం ఇప్పుడు బాగానే పనిచేస్తోంది. నెలకొకసారి పిల్లి గెలుస్తుంది. `Glass` మార్కుని మోటారుకు కలపకపోయినా లెక్క మాత్రం రాయిస్తూనే ఉన్నాను, రోజుకొక గ్రాఫు వస్తుంది. ఉయ్యాల ఊపిన వేళల్లో, పాలు కలిపిన వేళల్లో `Glass` గీత చిన్న చిన్న శిఖరాలుగా లేచేది. పోయిన నెల పెద్దమ్మ ఊరెళ్ళిపోయింది. ఆ మర్నాటి గ్రాఫులో ఆ గీత ఇంచుమించు నేలకు ఆనుకుని ఉంది.